కటారి చేయించుకుంటున్నారా? అలుగు తర్వాత, ముందు పిడి చూసుకోండి

మా పామూరు గరిడీలో కర్రసాము రెండు మూడేళ్లు చేసిన పిల్లలు చాలామంది ఒక రోజు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. అందులో కటారి, అంటే పిడికిలితో పట్టి గుద్దినట్టు పొడిచే బాకు, బొమ్మలు నాలుగైదు ఉంటాయి. "మామా, వీటిలో ఏది చేయించుకోమంటావు?" అని అడుగుతారు. ఒకదానికి అలుగు వెడల్పు, ఒకదానికి పొడుగు, ఇంకోదానికి చేతిని కప్పే రెక్క. వాళ్ల చూపంతా అలుగు మీదే. నేను మాత్రం ముందు పిడికిలి చూపించమంటాను. కటారితో పోటు ఎలా పడాలో తేల్చేది పిడి. పిడి కుదరకపోతే ఎంత మంచి అలుగైనా మణికట్టు నొప్పే మిగులుస్తుంది.

కాబట్టి ఈ సలహా సాధనకు కొయ్య కటారి చేయించుకోబోయేవాళ్లకు. నాలుగు రకాల పిడుల్లో ఏది ఎవరికి సరిపోతుందో చెబుతాను. ఉక్కుది కావాలనుకునేవాళ్లకు ఒక మాట. మన ఆయుధాల చట్టం నియమాల్లో అలుగు 9 అంగుళాల పొడుగు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిందా అన్న కొలత ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో అది దాటితే లైసెన్సు అడుగుతారు. సాధనకు కొయ్య చాలు. నిజానికి కొయ్యే మేలు.

కటారి పట్టు ఎందుకు వేరు

మామూలు బాకును పట్టుకున్నప్పుడు పిడి అరచేతికి అడ్డంగా ఉంటుంది, అలుగు బొటనవేలి పక్కనుంచి బయటకు వస్తుంది. అంటే అలుగూ ముంజేయీ ఒకే గీత మీద ఉండవు, మధ్యలో మణికట్టు దగ్గర ఒక మలుపు ఉంటుంది. గట్టిగా పొడిస్తే ఎదుటి దెబ్బ తిరిగి వచ్చి ఆ మలుపు మీద పడుతుంది. పిడి చెమటకు జారితే వేళ్లు అలుగు మీదకు పోతాయి. బాకుకు అడ్డకట్టు పెట్టేది అందుకే.

కటారిలో ఆ మలుపు లేదు. రెండు పక్కకమ్ములు, వాటి మధ్య నిచ్చెన మెట్టులా ఒక అడ్డకమ్మి, చాలా వాటికి రెండు. అడ్డకమ్మిని పిడికిలితో బిగిస్తే అలుగు నేరుగా వేళ్ల కణుపుల ముందుకు నిలుస్తుంది. పక్కకమ్ములు మణికట్టుకు ఇరువైపులా వెనక్కి వస్తాయి. పొడిచినప్పుడు తిరిగొచ్చే తోపుడు అడ్డకమ్మి ద్వారా అరచేతికి, అక్కడినుంచి ముంజేతి ఎముకల్లోకి తిన్నగా పోతుంది. జారడానికి చోటే లేదు. గుద్దు గుద్దే బలమంతా మొనలోకి వెళ్తుంది. ఇనుప గొలుసుల కవచం మీద ఇది పనికొచ్చింది. చాలా పాత కటారుల మొన కవచం రింగులను చీల్చేలా మందంగా ఉబ్బి ఉండడం కూడా ఈ బలాన్ని నమ్ముకునే.

14వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఇబ్న్ బటూటా ఇలాంటి ఆయుధాన్ని నాగలి కర్రుతో పోల్చి రాశాడు. అందులో చెయ్యి దూరిస్తే ముంజేతిని కప్పుతుందన్నాడు. మెట్టపొలంలో నాగలి పట్టినవాళ్లకు ఆ పోలిక వెంటనే అందుతుంది. కర్రు నేలను కోయదు, వెనకనుంచి వచ్చే తోపుడుతో దిగుతుంది. కటారి కూడా అంతే. దానికి పోటు సహజం, వేటు అరువు.

ఈ పట్టు వల్ల పోయినవి కూడా ఉన్నాయి. బాకును తిరగేసి పట్టుకుని తలపైనుంచి కిందకు దించే పోటు కటారితో దాదాపు కుదరదు. అలుగు ముంజేతి వరసలోనే ఉంటుంది గనక మోచెయ్యిని తలకన్నా పైకి లేపాలి, అప్పటికి చంక, డొక్క అంతా ఎదుటివాడికి తెరిచిపెట్టినట్టే. మణికట్టు విసురుతో కోసే వేటు కూడా పోయింది, ఎందుకంటే పక్కకమ్ములు మణికట్టును పక్కలకు వంగనివ్వవు. మిగిలేవి రొమ్ము ఎత్తులో తిన్నని పోటు, తుంటి దగ్గరనుంచి పైకి లేచే పోటు, మోచెయ్యి వంచి పక్కనుంచి తిప్పే పోటు. మూడింటికీ బలం కాలినుంచి, తుంటినుంచి రావాలి. చెయ్యి ఇక్కడ దూలం లాంటిది, తోసేది ఒళ్లు.

ఇంకో సంగతి. అలుగు వెడల్పు పిడికిలి కణుపుల వరసకు సమాంతరంగా ఉంటుంది. అరచెయ్యి నేలను చూస్తుంటే అలుగు నేలకు సమాంతరంగా పడుకుంటుంది, బొటనవేలు పైకి ఉంటే నిటారుగా లేస్తుంది. పడుకున్న అలుగు పక్కటెముకల సందు వరసలో దిగుతుంది, నిలుచున్నది ఎముకకు తగిలి ఆగవచ్చు. అందుకని ముంజేతిని తిప్పడం ఈ విద్యలో సగం. తుంటి దగ్గర బొటనవేలు పైకి పెట్టి మొదలుపెట్టి, చెయ్యి సాగేకొద్దీ అరచేతిని నేలవైపు తిప్పుతూ ముగించడం మేం నేర్పే పద్ధతి.

ఏం చూసి ఎంచుకోవాలి

నాలుగు సంగతులు చాలు. పిడి పిడికిలిలో తిరిగిపోకుండా నిలుస్తుందా? మణికట్టుకు పక్కల దన్ను ఉందా? చేతి వెనకభాగానికి కాపు ఉందా? అలుగు ఇరుక్కుంటే చెయ్యి వెంటనే బయటకు వస్తుందా? చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. బాకు ఇరుక్కుంటే వదిలేసి వెనక్కి దూకొచ్చు. కటారిలో పిడికిలి రెండు కమ్ముల మధ్య ఉంటుంది, తెరిచి వెనక్కి లాక్కుంటే గానీ రాదు.

| పిడి రకం | పిడికిలిలో నిలకడ | మణికట్టు దన్ను | చేతికి కాపు | చెయ్యి విడిపించుకోవడం |
|---|---|---|---|---|
| ఒంటి అడ్డకమ్మి | తక్కువ, మొన పైకీ కిందకీ ఊగుతుంది | బాగుంటుంది | లేదు | తేలిక |
| జంట అడ్డకమ్మి | చాలా బాగు | బాగుంటుంది | లేదు | తేలిక |
| రెక్క ఉన్న దక్షిణాది పిడి | బాగు | బాగుంటుంది | చేతి వెనకంతా | కొంచెం కష్టం |
| పొడుగు అలుగుకు బిగించిన పిడి | సాధన మీద ఆధారం | చాలదు | రెక్క ఉంటేనే | కష్టం |

ఒంటి కమ్మి, జంట కమ్మి

పట్టికలో మొదటి రెండు వరసల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు విషయం అక్కడే ఉంది. గుండ్రటి కమ్మి ఒక్కటే ఉంటే దాన్ని ఎంత బిగించినా అది పిడికిలిలో ఇరుసులా తిరుగుతుంది. అరచెయ్యి నేలను చూస్తుంటే మొన పైకీ కిందకీ ఊగుతుంది. పక్కకమ్ములు ఆపేది పక్కల ఊపునే, ఈ ఊపును ఆపలేవు. రెండు కమ్ములు దగ్గర దగ్గరగా ఉండి వేళ్లు రెంటినీ కలిపి చుట్టుకుంటే గుండ్రటిదాని బదులు బల్లపరుపు వస్తువును పట్టుకున్నట్టు అవుతుంది, ఇక అది తిరగదు. కమ్మి మధ్యలో ఉబ్బెత్తుగా చేసిన పాత కటారులను చూసి అదంతా సింగారం అనుకుంటారు. ఆ ఉబ్బు అరచేతి గుంటలో కూర్చుని పట్టును ఆపుతుంది.

ఇది మాటల్లో కన్నా గోనెసంచి మీద బాగా తెలుస్తుంది. మా అన్న కొడుకుకు మొదటి కొయ్య కటారి ఊళ్లోనే చేయించాం. ఒంటి కమ్మి, పక్కకమ్ముల మధ్య ఎడం 11 సెంటీమీటర్లు. వాడి పిడికిలి వెడల్పు కొలిస్తే 8. వారం రోజులకే మణికట్టు బొటనవేలి వైపు వాచింది. సంచిలో వడ్ల ఊక దట్టించి, చూరుకు వేలాడదీసి, కొయ్య మొనకు తడిపిన ముగ్గుపిండి పూసి ఇరవై పోట్లు పొడవమన్నాను, అరచెయ్యి నేలవైపు పెట్టి. తిన్నగా దిగి తిన్నగా వచ్చిన పోటు సంచి మీద చుక్క పెడుతుంది, ఊగిన పోటు గీత గీస్తుంది. వాడి సంచి నిండా గీతలే. సగం నిలువు, సగం అడ్డం.

నిలువు గీత అంటే కమ్మి పిడికిలిలో తిరిగిందని. అడ్డగీత అంటే పిడికిలి పక్కకమ్ముల మధ్య అటూ ఇటూ కదిలిందని, మణికట్టు వంగిందని. నిలువు గీతకు మందు రెండో కమ్మి. అడ్డగీతకు మందు ఎడం తగ్గించడం. వాడికి రెండూ కావాలి.

రెండోసారి ఉదయగిరి వెళ్లాను. అక్కడ గరిటెలు, చెంచాలు చెక్కే పనివాళ్ల చెయ్యి కొయ్య గుణం ఎరిగిన చెయ్యి. నర్ది, కలివి, బిక్కి లాంటి కొయ్యలతో తరతరాలుగా పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకాయన బొమ్మ చూసి, "ఒకే పలకలో కోస్తే అడ్డకమ్మి విరుగుద్ది సామీ. పోగు అడ్డంగా వస్తది గదా. కమ్ములు వేరే కొయ్యలో తీసి దిగ్గొడతా" అన్నాడు. అదే నిజం. మొదటిదాన్ని ఊళ్లో ఒకే పలకలో కోశారు, అది తర్వాత అడ్డకమ్మి దగ్గరే విరిగింది. పక్కకమ్ములకు పోగు వాటి పొడుగునా ఉండాలి, అడ్డకమ్మికి దాని పొడుగునా పోవాలి. ఒకే పలకలో రెండూ కుదరవు.

కొత్తదానిలో ఎడం 9 సెంటీమీటర్లు పెట్టాం, పిడికిలికన్నా ఒక్క సెంటీమీటరు ఎక్కువ. కమ్ములు ఒక్కోటి 14 మిల్లీమీటర్లు, మధ్య సందు 6. అంటే రెండూ కలిపి 34 మిల్లీమీటర్ల పట్టు. పక్కకమ్ములు మణికట్టు దాటి మూడు అంగుళాలు వెనక్కి వచ్చేలా ఉంచాం. పొట్టిగా ఉంటే మణికట్టుకు అందక దన్ను ఉండదు, మరీ పొడుగైతే మోచెయ్యి వంచేటప్పుడు పైచెయ్యికి గుచ్చుకుంటుంది. అదే సంచి, అదే ముగ్గుపిండి. ఇరవైలో పదిహేను చుక్కలు పడ్డాయి. మిగిలిన ఐదు గీతలు అన్నీ చివరి పోట్లవి, చెయ్యి అలిసినప్పటివి. అవి పిడి తప్పు కాదు.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరికీ నా సలహా జంట కమ్మి, రెక్క లేనిది, 9 అంగుళాల కొయ్య అలుగు. ఒంటి కమ్మిని ఎవరికైనా సూచిస్తానా అంటే, పట్టు కుదిరిన వాళ్లకు ఒక పరీక్షగా మాత్రమే. ఒంటి కమ్మితో చుక్క పెట్టగలిగిన చెయ్యి దేనితోనైనా పెడుతుంది.

రెక్క ఉన్నది

దక్షిణాది పాత కటారుల్లో చేతి వెనకభాగాన్ని కప్పే లోహపు రెక్క ఉంటుంది, ఆకు ఆకారంలోనో, గవ్వలాగానో, పడగలాగానో. విజయనగర కాలంనుంచి కనిపిస్తుంది. తంజావూరు ఆయుధాగారంలో ఇవి పెద్ద సంఖ్యలో ఉండేవి. 1860ల్లో బ్రిటిష్ వాళ్లు ఆ ఆయుధాగారాన్ని ఖాళీ చేయించినప్పుడు చాలా ఆయుధాలు తుక్కు కిందకు పోయాయి. కొన్ని మేలైనవి చెన్నై మ్యూజియంకు చేరాయి, ఇంకొన్ని విదేశాలకు. రెక్క మీద యాళి బొమ్మలు చెక్కినవి చూస్తే చేసినవాడి చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

మన ప్రాంతానికీ ఈ ఆయుధానికీ ఒక ముడి ఉంది. సాళువ రాజుల బిరుదుల్లో 'కఠారి సాళువ' ఒకటి. ఆ వంశపు నరసింహరాయలు గజపతులతో ఉదయగిరి కోసం తలపడ్డవాడే. తర్వాత కృష్ణదేవరాయలు 1513లో ఆ కోటను చుట్టుముట్టి మరుసటి ఏడు పట్టుకున్నాడు. ఆ కొండ కింద కొయ్య కటారి చేయించుకోవడం నాకు మామూలు సంగతిగా అనిపించదు.

రెక్క వల్ల పోటు మారదు, కాపు మారుతుంది. రెక్క లేని కటారితో ఎదుటి కర్రను ఆపాలంటే పక్కకమ్మి మీదో అలుగు మీదో ఆపాలి, ఒక అంగుళం తప్పినా కణుపులు చితుకుతాయి. రెక్క ఉంటే పిడికిలినే ముందుకు పెట్టి దెబ్బను పక్కకు తోసి, అదే కదలికలో లోపలికి దూరి పొడవొచ్చు. కాపూ పోటూ ఒకే అడుగులో అయిపోతాయి. కర్రసాము చేసిన పిల్లలకు ఇది చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఎదుట కర్ర పట్టినవాడు నాలుగైదు అడుగుల దూరంలో ఉంటాడు, కటారికి అందడు. ఆ దూరాన్ని దాటేటప్పుడు దెబ్బ తినేది ముందు చెయ్యే. పూర్వం ఎడమచేత డాలు పట్టింది ఆ దూరం దాటడానికే.

దీనికి ధర కూడా ఉంది. రెక్క వంపు కింద పిడికిలి తెరవడానికి చోటు తగ్గుతుంది. మా గరిడీలో రెక్క కటారి పట్టే ప్రతివాడూ ముందు విడిపించుకోవడం నేర్చుకోవాలి. అలుగును బస్తాల మధ్య ఇరికించి, వేళ్లు విప్పి, చేతిని తిన్నగా వెనక్కి లాగడం. పక్కకు మెలి తిప్పి లాగితే పక్కకమ్మి మణికట్టు ఎముకను నొక్కుతుంది. అసలు పోటు వెనక్కి తీయడంలోనూ ఇదే నియమం. వచ్చిన దారినే వెనక్కి పోవాలి. తిప్పిన తర్వాత లాగేవాడు తన మణికట్టును తానే విరుచుకుంటాడు. రెక్కకు మేం పలచటి రేకు వాడము, అంచు కోస్తుంది. పాత తోలును తడిపి వంచి ఎండబెడతాం, లేదా ప్లాస్టిక్ డ్రమ్ము ముక్క కోసి అంచులు సానపెడతాం.

కర్రసాము కనీసం రెండేళ్లు చేసినవాళ్లు ఇది తీసుకోవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వద్దు. రెక్క బరువుకు మొన కిందకు వాలి పోటు తప్పుడు అలవాటుగా స్థిరపడుతుంది.

పొడుగు అలుగు

16, 17 శతాబ్దాల్లో యూరప్ కత్తుల అలుగులు ఓడల్లో దిగాక దక్షిణాదిలో వాటిని తెగ్గోసి కటారి పిడికి రివెట్లతో బిగించడం బాగా పెరిగింది. అందం ఉంది, అందే దూరం పెరిగింది. కానీ పిడికిలి ముందు 9 అంగుళాల అలుగు ఉన్నప్పుడు మొనకు తగిలే పక్కదెబ్బ మణికట్టును ఎంత తిప్పుతుందో, 18 అంగుళాలకు దానికన్నా చాలా ఎక్కువ తిప్పుతుంది. పక్కకమ్ముల పొడుగు మాత్రం అంతే ఉంటుంది. ఇలాంటి పాత కటారుల్లో అలుగు మొదట్లో రెండు వైపులా ఇనుప పట్టీలు చాలా దూరం సాగి ఉండడం ఈ బాధకు విరుగుడే. ఈ దారిలో ఇంకా ముందుకు పోతే వచ్చేది పటా. అందులో పట్టు అడ్డకమ్మిదే కానీ మోచేతి దాకా లోహపు తొడుగు ఉంటుంది, అలుగు కత్తి అంత పొడుగు. మణికట్టు మొత్తం బందీ అయిపోతుంది గనక అక్కడ చెయ్యీ భుజమూ ఒకే కడ్డీగా కదలాలి, అది వేరే విద్య.

నాటకాల్లో, పండుగ ఊరేగింపుల్లో సాము చూపించేవాళ్లకు పొడుగుది బాగుంటుంది. దూరంనుంచి కనిపిస్తుంది, పోటు గీత జనానికి అర్థమవుతుంది. వాళ్లు మేడికొయ్య లాంటి తేలిక కొయ్యతో చేయించుకుని మొనను రూపాయి బిళ్లంత గుండ్రంగా తీయించి పైన రబ్బరు తొడగాలి. సాధనకు అయితే, సంచి మీద 9 అంగుళాలతో ఇరవైకి పదిహేను చుక్కలు వచ్చాకే దీన్ని ముట్టుకోండి.

నొక్కితే అలుగు మూడుగా విచ్చుకునే కత్తెర కటారి గురించి కూడా అడుగుతారు. బయటి రెండు రేకులు బోలుగా ఉండి లోపలి అలుగును దాస్తాయి. అందువల్ల మొన బలహీనం. పైగా అడ్డకమ్ములు నొక్కితే కదిలేవి, అంటే పట్టులో నిలకడే పోయింది. చూడముచ్చటైన వస్తువు, పోటుకు కాదు. పాతది దొరికిందని కొనేముందు వందేళ్లు దాటిన వస్తువులకు పురావస్తు చట్టం వర్తిస్తుందని గుర్తుంచుకోండి. పాత కటారుల పిడులు ఇరుకుగా ఉంటాయి, మీ చెయ్యి పట్టకపోవచ్చు కూడా.

పనివాడి దగ్గరికి వెళ్లే ముందు

పిడికిలి బిగించి, చూపుడువేలి కణుపు బయటి అంచునుంచి చిటికెనవేలి కణుపు బయటి అంచు దాకా కొలవండి. సాయంత్రం కొలవండి, పనిచేసిన చెయ్యి కొంచెం ఉబ్బి ఉంటుంది. దానికి ఒక్క సెంటీమీటరు కలిపితే అదే పక్కకమ్ముల మధ్య ఎడం. తోలు తొడుగు వేసుకుని సాధన చేసేవాళ్లు తొడుగుతోనే కొలవాలి. ఆ కొలతకు రెండు వెదురు పుల్లలు సుతిలితో కట్టి, మధ్యలో చీపురు కర్ర ముక్కలు రెండు బిగించి, ఒక పూట చేతిలో పెట్టుకుని తుంటినుంచి రొమ్ము ఎత్తు దాకా చెయ్యి తిప్పి చూడండి. ఎక్కడైనా ఎముకకు గుచ్చుకుంటే అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టి, ఆ వెదురు కటారినే పనివాడి చేతిలో పెట్టండి. బొమ్మ చూపించడం కన్నా ఆయనకు అది ఎక్కువ చెబుతుంది.